విరుద్ధాహారం: చేపలూ పాలూ, భోజనమూ పండూ

విడివిడిగా తింటే మంచివే అయిన రెండు పదార్థాలు ఒకేసారి కడుపులో పడితే కీడు చేస్తాయన్న భావనకు విరుద్ధాహారం అని పేరు. తెలుగు ఇళ్లలో ఈ మాట తెలియనివాళ్లు కూడా దాని నియమాలు పాటిస్తారు. చేపల పులుసు తిన్న రోజు పాలు తాగితే బొల్లి వస్తుందనీ, భోజనం అయిన వెంటనే పండు తింటే అది కడుపులో కుళ్లిపోతుందనీ వినని ఇల్లు తక్కువ. రెండూ ఒకే తరహా హెచ్చరికల్లా కనిపిస్తాయి గానీ వీటి పుట్టుక వేరు, వయసు వేరు. మొదటిది రెండు వేల ఏళ్ల నాటి వైద్య చర్చ నుంచి వచ్చింది. రెండోది ఇప్పుడు మనం వింటున్న రూపంలో ఇరవయ్యో శతాబ్దపు అమెరికా సరుకు.

చరకుడి గ్రంథంలో ఉన్నది

చేపలూ పాలూ కలపరాదన్న మాటకు ప్రసిద్ధమైన పాత ఆధారం చరక సంహిత సూత్రస్థానంలోని 26వ అధ్యాయం. చైత్రరథ వనంలో ఋషులు కూడి రుచుల సంఖ్య గురించి వాదించుకోవడంతో ఆ అధ్యాయం మొదలై, చివరికి ఆహార విరోధాల దగ్గరికి వస్తుంది. చేపకూ పాలకూ చెప్పిన కారణం ఇది: రెండూ రుచిలో మధురమే, అరిగాక మిగిలే గుణంలోనూ మధురమే, కానీ పాలది శీత వీర్యం, చేపది ఉష్ణ వీర్యం. చలువా వేడీ ఎదురెదురు పడటంతో రక్తం చెడుతుంది. పైగా రెండూ ఒంట్లో జిగట పెంచేవి కనుక నాళాలు పూడుకుపోతాయి. శరీరాన్ని వాత పిత్త కఫాలతో, ద్రవ్యాలను రస వీర్య విపాకాలతో లెక్కగట్టే శాస్త్రంలో ఇది పొందికైన వాదనే. అయితే అది ఆ లెక్కలోంచి తీసిన ఫలితం. ఇంతమంది తిన్నారు, ఇంతమందికి జబ్బు చేసింది అన్న పరిశీలన అక్కడ కనిపించదు.

ఈ నియమం చెప్పేవాళ్లు సాధారణంగా వదిలేసే ముచ్చట ఒకటి అదే అధ్యాయంలో ఉంది. ఆత్రేయుడు చేపను పాలతో తినరాదనగానే భద్రకాప్యుడు అడ్డుతగిలాడు. అన్ని చేపలనూ పాలతో తినవచ్చు, ఒక్క చిలిచిమం తప్ప అన్నాడు. ఒంటినిండా పొలుసులు, ఎర్రటి కళ్లు, ఎర్ర చారలు ఉండి, తరచు నేలమీదికి వచ్చే చేప అని దాని గుర్తులు కూడా చెప్పాడు. ఆత్రేయుడు ఒప్పుకోలేదు. ఏ చేపా కూడదు, చిలిచిమం మరీ కూడదు అని తేల్చాడు. ఇప్పుడు ప్రశ్నించడానికి వీల్లేని సత్యంగా చెప్పుకుంటున్న నియమం, పుట్టినచోటే భిన్నాభిప్రాయానికి గురైందన్నమాట.

మినహాయింపులూ అక్కడే ఉన్నాయి. వ్యాయామం చేసేవాడికి, జఠరాగ్ని బలంగా ఉన్నవాడికి, యువకుడికి, బలవంతుడికి, ఆ తిండికి అలవాటుపడినవాడికి, కొద్దిగా తిన్నవాడికి విరుద్ధాహారం కీడు చేయదని చరక సంహితే అంటుంది. ఈ జాబితాలోకి రానివాళ్లు ఊళ్లో ఎందరుంటారు? గ్రంథంలో మనిషిని బట్టి, మోతాదును బట్టి మారే సలహా మన వంటింటికి చేరేసరికి మినహాయింపు లేని నిషేధమైపోయింది.

చేప మీద మోపిన చర్మరోగం

విరుద్ధాహారం వల్ల వచ్చే రోగాల పట్టికలో కుష్ఠం, కిలాసం కూడా ఉన్నాయి. ఆయుర్వేదంలో కుష్ఠం ఒక్క జబ్బు కాదు, రకరకాల చర్మవ్యాధుల గుంపు. కిలాసం అంటే చర్మం తెల్లబడటం, మన బొల్లికి దగ్గరిది. ఈ పట్టిక ఎల్లలు దాటింది. 1037లో మరణించిన పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం కానూన్‌లో, చేపను పాలతో తినరాదనీ, తింటే కుష్ఠం వంటి మొండి జబ్బులు వస్తాయనీ రాస్తూ, ఇది హిందూదేశపు అనుభవజ్ఞులూ ఇతరులూ చెప్పిన మాట అని పేర్కొన్నాడు. యూనానీ ద్వారా అదే మాట మళ్లీ మన దేశానికి తిరిగివచ్చింది. ఇద్దరు వేర్వేరు వైద్యులు ఒకే మాట చెబుతున్నారంటే నిజమే కాబోలు అనిపిస్తుంది. నిజానికి ఒకరి మాటనే ఇంకొకరు చెప్పారు.

యూదుల ధర్మశాస్త్రంలో ఇంకో విచిత్రం జరిగింది. పదహారో శతాబ్దంలో యోసెఫ్ కారో అనే పండితుడు తన బేత్ యోసెఫ్ వ్యాఖ్యానంలో చేపను పాలతో తినడం ప్రమాదమని రాశాడు. దాదాపు అదే కాలంలో పోలెండ్‌లోని క్రాకోలో ఉన్న మోషే ఇస్సెర్లెస్, ఇక్కడ మాంసమూ పాలూ తారుమారయ్యాయని అభ్యంతరం చెప్పాడు. వాళ్ల పాత నియమం చేపను మాంసంతో కలపవద్దన్నది మరి. కారో రాసిన ఆ ఒక్క వాక్యం మీద ఈనాటికీ స్పెయిన్, తూర్పు దేశాల సంప్రదాయానికి చెందిన కొందరు యూదులు చేపలో పాలు కలపరు. తూర్పు యూరప్ సంప్రదాయం వాళ్లు ఉప్పు పట్టించిన సాల్మన్ చేపను మీగడ చీజ్‌తో కలిపి, రొట్టెలో పెట్టుకుని హాయిగా తింటారు.

ఆధునిక కాలంలోనూ చేపకు ఈ నింద తప్పలేదు. నార్వేలో హాన్సెన్ 1873లో కుష్ఠు క్రిమిని కనిపెట్టాక కూడా, జోనాథన్ హచిన్సన్ అనే పేరున్న ఇంగ్లీషు వైద్యుడు, సరిగా ఉప్పుపట్టక పాడైన చేపలే కుష్ఠుకు కారణమని పట్టుబట్టాడు. 1906లో దాని మీద ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించాడు. ఆయన పొరపడ్డాడు.

ఇక బొల్లి సంగతి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలను శరీరంలోని రక్షణ కణాలే శత్రువులనుకుని చంపేయడం వల్ల బొల్లి వస్తుంది. కుటుంబంలో ఒకరికి ఉంటే మరొకరికి వచ్చే అవకాశం కొంత ఎక్కువ. థైరాయిడ్ జబ్బుతో కలిసి కనిపించడమూ మామూలే. ప్రపంచంలో నూటికి ఒకరికి, కాస్త అటూ ఇటూగా ఇది ఉంటుంది. జన్మలో చేప ముట్టని శాకాహార కుటుంబాల్లోనూ వస్తుంది. చేప, పాలు సిద్ధాంతానికి ఇంతకంటే తేలికైన పరీక్ష ఇంకోటి లేదు. మరోవైపు చేపనూ పాలనూ కలిపి వండుకునే దేశాలూ ఉన్నాయి. స్కాట్లాండ్‌లోని కల్లెన్ ఊరి పేరున్న పులుసును పొగబెట్టిన హ్యాడక్ చేప, బంగాళదుంపలు, పాలు పోసి కాస్తారు. ఫిన్లాండ్‌లో సాల్మన్ చారులో పాలో మీగడో పడాల్సిందే. తెల్లతోలు వాళ్ల మీద తెల్లమచ్చ త్వరగా కనపడదు కదా అని ఎవరైనా అంటే అది సరైన అభ్యంతరమే. అందుకే ఆ దేశాల ఉదాహరణ కన్నా మన శాకాహారుల ఉదాహరణే బలమైనది.

ఈ నమ్మకం వల్ల నష్టమేమిటంటే, మచ్చ కనబడగానే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు నెలల తరబడి పథ్యం చేస్తూ కూర్చుంటారు. బొల్లికి పూతమందులు, కాంతి చికిత్స మొదట్లోనే మొదలుపెడితే ఫలితం మెరుగు. ఈలోగా పిల్లలకు పాలు, పెరుగు, చేప, గుడ్డు అన్నీ మాన్పిస్తారు.

మరి ఒళ్లు దద్దుర్లెక్కేది ఎందుకు

చేప తిని పాలు తాగాక ఒళ్లంతా దద్దుర్లొచ్చాయని చెప్పేవాళ్లు అబద్ధమాడరు. వచ్చే ఉంటాయి. వాళ్లు తప్పుపట్టినది వేరేదాన్ని.

కానాగంతలు మన తీరంలో బాగా దొరికే చేప. దీని శాస్త్రీయ నామంలోని కానగుర్త అన్న మాట మన విశాఖపట్నం నుంచే వెళ్లింది. అక్కడి చేపల బొమ్మలతో పాట్రిక్ రస్సెల్ 1803లో వెలువరించిన పుస్తకంలో అది నమోదైంది. కానాగంత, ట్యూనా, కవళ్లు వంటి సముద్రపు చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక ఐసు మీద పెట్టకుండా ఎండలోనో గంపలోనో ఉంచితే, కొన్ని బ్యాక్టీరియాలు ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. హిస్టమిన్ అంటే దురద వచ్చినప్పుడు మన ఒంట్లో విడుదలయ్యే పదార్థమే. చేప ద్వారా అది బయటినుంచి ఒక్కసారిగా వచ్చి పడుతుందన్నమాట.

చాలామందికి తెలియనిది ఇక్కడే ఉంది. హిస్టమిన్ ఒకసారి తయారయ్యాక ఎంత ఉడికించినా, వేయించినా పోదు. తర్వాత ఐసులో పెట్టినా తగ్గదు. వాసన, రంగు బాగానే ఉన్న చేపలో కూడా ఉండవచ్చు. కొందరికి మాత్రం నోట్లో మిరియం నమిలినట్టు చురుక్కుమంటుంది. ఆ చురుకు తగిలితే ముద్ద అక్కడే ఆపేయడం మంచిది.

ఒక ఇంట్లో జరగగల సంఘటన తీసుకుందాం. మధ్యాహ్నం ఒంటిగంటకు నలుగురు కానాగంతల పులుసుతో అన్నం తిన్నారు. అందులో ఒకాయన భోజనం కాగానే గ్లాసెడు పాలు తాగాడు. ఒంటిగంటన్నరకల్లా ఆయన ముఖం, మెడ ఎర్రబడి మండాయి, తలపోటు వచ్చింది, ఛాతీ మీద దద్దుర్లు లేచాయి. ఇంట్లో పెద్దావిడ వెంటనే, చేప మీద పాలు తాగావు కదా, ఇదిగో అంది. అడగాల్సిన మొదటి ప్రశ్న: పాలు తాగని ముగ్గురిలో ఎవరికైనా ముఖం వేడెక్కిందా? ఒకరికి కొద్దిగా అలాగే ఉందంటే పాలను వదిలేయవచ్చు, చేపలోని హిస్టమిన్‌నే అనుమానించాలి. ఇది తిన్న కొన్ని నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లోపు మొదలై, మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది. డాక్టర్లు అలర్జీ మాత్రలే ఇస్తారు, అవి పనిచేస్తాయి కూడా.

మిగిలిన ముగ్గురికీ ఏమీ కాలేదనుకుందాం. అప్పుడు రెండో ప్రశ్న: ఆయన ఇంతకుముందు చేప తిన్నప్పుడల్లా ఇలాగే అయిందా? ప్రతిసారీ, చిన్న ముక్కకే అవుతుంటే అది చేప అలర్జీ. ఇది ఎక్కువగా చేప కండలోని పార్వాల్బ్యుమిన్ అనే ప్రోటీన్ వల్ల వస్తుంది. ఇది మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఎన్నోసార్లు ఏమీ కాకుండా ఈసారే అయితే, అదే గంపలో కొన్ని చేపల్లో హిస్టమిన్ ఎక్కువగా, కొన్నింటిలో తక్కువగా ఉండటం మామూలే కనుక, ఆయన కంచంలో పడ్డ ముక్కే పాడైనదై ఉండవచ్చు.

దద్దుర్లేమీ లేకుండా కడుపు ఉబ్బి, మెలిపెట్టి, విరేచనమైతే అప్పుడు పాలవైపు చూడాలి. పెద్దయ్యాక పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి మన దేశంలో చాలామందికి తగ్గుతుంది. అలాంటివాళ్లు చేప లేని రోజున, ఉత్త పాలు తాగి చూస్తే అదే జరుగుతుంది. వాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది, ఎందుకంటే తోడు ఆ చక్కెరలో కొంత తినేస్తుంది. ఈ మూడింటిలో ఏదైనా గంటల్లో కనబడేదే. బొల్లి మచ్చ వారాలు, నెలలు పట్టి ఏర్పడేది. దాన్ని ఒక పూట భోజనంతో ముడిపెట్టడానికి ఎవరి జ్ఞాపకమూ అంత నమ్మదగ్గది కాదు.

భోజనం మీద పండు

ఇక రెండో నమ్మకం. మన విందు భోజనమే దీనికి మొదటి అడ్డు. పెరుగన్నంలో మామిడిపండు రసం పిండుకుని తినడం, చివర్లో అరటిపండు, ఆ తర్వాత తాంబూలం మనకు కొత్త కాదు. సుశ్రుత సంహిత భోజనం మొదట్లో దానిమ్మ వంటి పండ్లు తినమని చెప్పిన మాట నిజమే. కానీ చివర్లో తింటే కుళ్లుతుందన్న భయం వేరేచోట నుంచి వచ్చింది.

న్యూయార్క్‌కు చెందిన విలియం హోవర్డ్ హే అనే వైద్యుడు గత శతాబ్దపు తొలి దశకాల్లో, పిండి పదార్థాలనూ మాంసకృత్తులనూ ఒకే పూట కలపరాదనే పథ్యం ప్రచారం చేశాడు. ఒకటి అరగడానికి క్షారం, మరొకటి అరగడానికి ఆమ్లం కావాలి కనుక రెండూ పొసగవని ఆయన తర్కం. అదే దారిలో హెర్బర్ట్ షెల్టన్ 1951లో ఆహార సంయోగాల మీద పుస్తకం రాశాడు. పండు ఒంటరిగానే తినాలి, లేకపోతే పులుస్తుంది అన్న సూత్రాన్ని 1985లో హార్వీ, మేరిలిన్ డైమండ్ దంపతులు రాసిన ఫిట్ ఫర్ లైఫ్ పుస్తకం ఇంటింటికీ చేర్చింది. తర్వాత ఈమెయిళ్లలో, ఫోన్ సందేశాల్లో తిరిగి తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి దానికి మన పూర్వీకుల మాట అన్న ముద్ర పడింది.

హే తర్కాన్ని కూలదోయడానికి కందిపప్పు చాలు. నూరు గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా మాంసకృత్తులు, దానికి రెట్టింపుకు మించి పిండి పదార్థం ఉంటాయి. ప్రకృతే రెండింటినీ ఒకే గింజలో పెట్టింది. మన క్లోమరసంలో పిండిని, మాంసకృత్తులను, కొవ్వును అరిగించే ఎంజైములు మూడూ కలిసే వస్తాయి. చిన్నపేగులో ఒకే చోట, ఒకేసారి పనిచేస్తాయి. బరువు తగ్గుతారన్న వాదననూ పరీక్షించారు. స్విట్జర్లాండ్ పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగంలో 54 మంది స్థూలకాయులకు ఆరు వారాలపాటు రోజుకు 1100 కేలరీల ఆహారం పెట్టారు. కొందరికి పదార్థాలు విడదీసి, మిగతావారికి మామూలుగా కలిపి ఇచ్చారు. విడదీసి తిన్నవాళ్లు సగటున 6.2 కిలోలు, కలిపి తిన్నవాళ్లు 7.5 కిలోలు తగ్గారు. విడదీయడం వల్ల ఒరిగిందేమీ లేదు, తగ్గించినది కేలరీల లెక్కే.

కుళ్లడం సంగతి చూద్దాం. భోజనం మీద పడిన పండు అన్నం వెనక ఇరుక్కుని దారి దొరక్క పులిసిపోతుందని చెబుతారు. జీర్ణకోశం పైభాగంలో తిన్నవి కాసేపు పొరలుగా ఉండే మాట నిజం. కానీ కింది భాగం వాటిని రుబ్బుతూ, ఒకటి రెండు మిల్లీమీటర్ల నలుసులయ్యాక పేగులోకి వదులుతుంది. నీరులాంటిది ముందే జారిపోతుంది. మామూలు భోజనంలో సగం రెండు గంటల్లోపు వెళ్లిపోతుంది, నాలుగు గంటలకు మిగిలేది పదోవంతు కంటే తక్కువ. నెయ్యి ఎక్కువైతే ఆలస్యమవుతుంది. పండు ఈ వరుసలో మిగతా తిండితో పాటు నడుస్తుంది, అంతే.

పులియడమంటే ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు. దోసెల పిండిని వెచ్చగా మూతపెట్టి రాత్రంతా వదిలితే పొంగుతుంది. చలికాలం ఇంకా సేపు పడుతుంది. బ్యాక్టీరియా పెరగడానికి తీరిక కావాలి. జీర్ణకోశంలో ఆ తీరిక లేదు, పైగా అక్కడ ఉన్నది నిమ్మరసాన్ని మించగల ఆమ్లం. భోజనం చేయగానే ఆ పులుపు కొంత పలచబడినా మళ్లీ పెరుగుతుంది.

నిజంగా పండ్లు పులిసే చోటు వేరే ఉంది, పెద్దపేగు. చిన్నపేగు పీల్చుకోలేని పండు చక్కెరను అక్కడి బ్యాక్టీరియా తిని గ్యాసు పుట్టిస్తుంది. రెండు మామిడిపండ్లు తిని కడుపుబ్బరం తెచ్చుకునేవాళ్ల కథ ఇదే. వాళ్లకు పరగడుపునా అలాగే అవుతుంది, కనుక మార్చాల్సింది మోతాదు. మధుమేహం ఉన్నవాళ్లు కంచంలో అన్నం తగ్గించకుండా పైన పండు చేరిస్తే చక్కెర పెరుగుతుంది. అదీ మొత్తం పిండి పదార్థపు లెక్కే. పుల్లటి త్రేన్పులు వచ్చేవాళ్లకు నిండు కడుపు మీద ఏది పడినా ఇబ్బందే, అది పండే కానక్కరలేదు.

కలిపి తినడం వల్ల నిజంగా ఏదైనా మారుతుందా అంటే మారుతుంది, కానీ నమ్మకానికి ఎదురు దిశలో. ఆకుకూరల్లో, పప్పుల్లో, ధాన్యాల్లో ఉండే ఇనుము మన ఒంటికి సులభంగా పట్టదు. అదే సమయానికి పేగులో విటమిన్ సి ఉంటే ఇనుము పీల్చుకునే రూపంలో నిలుస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కౌమార వయసు పిల్లలకు అన్నం భోజనంతో పాటు జామపండు పెట్టి చూస్తే, వాళ్ల ఒంటికి పట్టిన ఇనుము రెండింతలకు పైగా పెరిగింది. ఆ ఫలితం 2013లో ప్రచురితమైంది. దీనికి ఒక షరతు ఉంది: జామపండూ అన్నమూ ఒకే సమయంలో పేగులో ఉండాలి. కుళ్లుతుందని భయపడి రెండు మూడు గంటలు ఆగి తింటే తోటకూరలోని ఇనుముకు ఆ సాయం అందదు. భోజనం కాగానే తాగే టీ దీనికి వ్యతిరేకం. అందులోని వగరు పదార్థాలు ఇనుమును పట్టేసి బయటికి పంపేస్తాయి. రక్తం తక్కువని చెప్పిన ఆడపిల్లకు, భోజనం తర్వాత టీ గంటకు పైగా ఆపమని, జామకాయ ముక్కలు కంచం పక్కనే పెట్టమని వైద్యులు చెప్పేది అందుకే.